గ్యాస్ బండకు ఎంత చోటు కావాలి?

(పింఛనుదారుల దినోత్సవం సందర్భంగా మన సంఘ భవనంలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను మాట్లాడమన్నప్పుడు కరువు భత్యం గురించో, ఆరోగ్య కార్డుల గురించో అనుకున్నాను. ఆ రెండింటి గురించీ నాకంటే బాగా చెప్పగలవారు ఇక్కడ పదిమంది ఉన్నారు. అందుచేత నాకు తెలిసిన విషయం ఒకటి ఎంచుకున్నాను. నేను రోడ్లు భవనాల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి 2008లో రిటైరయ్యాను. ముప్పయ్యొక్క సంవత్సరాలు ఇతరుల భవనాలకు అంగుళం తేడా రాకుండా గీసిన నేను, నా సొంత వంటింట్లో ఒక సెంటీమీటరు దగ్గర తప్పాను. ఆ సెంటీమీటరు కథే ఇవాళ చెప్పబోయేది.

మేము రాజమండ్రిలో ఒక అపార్టుమెంటులో రెండో అంతస్తులో ఉంటున్నాము. 2021లో మా అబ్బాయి పట్టుబట్టి వంటిల్లు బాగు చేయించాడు. గట్టు కింద అంతవరకు బోసిగా ఉన్న చోటంతా చెక్క అరలతో, తళతళలాడే తలుపులతో మూయించాడు. అదివరకు గ్యాస్ బండ గట్టు కింద ఒక మూల నేలమీద కనబడుతూ ఉండేది. కొత్త ఏర్పాటులో దానికీ ఒక అర, ఆ అరకూ ఒక తలుపు వచ్చాయి. చూడడానికి బాగానే ఉంది. మా ఆవిడ కూడా సంతోషించింది. పని చేసిన సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు, వారి పనితనానికి నేను వంక పెట్టను. కొలతల కాగితం నాకు చూపించినప్పుడు కళ్ళద్దాలు సవరించుకుని "సరే" అని సంతకం పెట్టింది నేనే.

ముందు బండ కొలతలు చెబుతాను. మనందరి ఇళ్ళలో ఉండే 14.2 కిలోల బండ అడ్డం కొలత దాదాపు 32 సెంటీమీటర్లు, అంటే ఒక అడుగు మీద అర అంగుళం పైచిలుకు. గుండ్రటి వస్తువు అడ్డం కొలత టేపుతో నేరుగా తీయడం కష్టం కనుక, బొజ్జ చుట్టూ టేపు తిప్పండి. దాదాపు ఒక మీటరు వస్తుంది. దాన్ని 3.14తో భాగిస్తే అడ్డం కొలత వచ్చేస్తుంది. ఇక ఎత్తు. అడుగున ఉన్న కాలి రింగు నుంచి పైన చేతితో పట్టుకునే రింగు అంచుదాకా దాదాపు 63 సెంటీమీటర్లు, అంటే 25 అంగుళాలు. మా ఇంట్లో ఉన్న రెండు బండలే అర సెంటీమీటరు తేడాగా ఉన్నాయి. కారణం ఏమీ లేదు, లారీల మీదనుంచి దొర్లి దొర్లి కాలి రింగులు కాస్త నలుగుతాయి. నిండు బండ బరువు ముప్పై కిలోల దగ్గర ఉంటుంది. అందులో సగానికి పైగా ఇనుము బరువే, ఎంతన్నది పై రింగు మీద ముద్ర వేసి ఉంటుంది.

ఈ 63 అనే అంకె దగ్గరే అందరూ మోసపోతారు. ఎందుకంటే అది మూత పెట్టి ఉన్న బండ కొలత. మనం వంట చేసేది మూత పెట్టిన బండతో కాదు. రెగ్యులేటరు బిగించాక దాని పైభాగం మా ఇంట్లో నేలనుంచి 67 సెంటీమీటర్ల ఎత్తుకు వచ్చింది. రెగ్యులేటరు ముక్కునుంచి ట్యూబు విరగకుండా మెల్లిగా వంపు తిరగాలి, దానికి మరికొంత చోటు కావాలి. ఆపైన మన చెయ్యి దూరి మీట తిప్పాలి. గట్టు కింద అర ఎత్తు నిర్ణయించవలసింది ఆ చేతిని బట్టి. బండను బట్టి నిర్ణయిస్తే చాలదు.

ఇప్పుడు మా గట్టు లెక్క చూడండి. నేలనుంచి గట్టు పైభాగం 86 సెంటీమీటర్లు, అంటే 34 అంగుళాలు. పైన గ్రానైటు 2, దాని కింద కడప బండ 4, ఆ రెండూ పోగా 80 మిగలాలి. నేను మనసులో వేసుకున్న లెక్క ఇంతే. 80లో 63 పట్టదా అని సంతకం పెట్టేశాను. కాని ఈ కొత్త తరహా చెక్క అరలు నేలమీద కూర్చోవు. నేల తడిసినా చెక్క పాడవకుండా పది సెంటీమీటర్ల కాళ్ళమీద లేపుతారు. ఆ ఖాళీ కనబడకుండా ముందు ఒక పలక పెట్టి మూస్తారు. దాన్ని స్కర్టింగు అంటారు. ఆ కాళ్ళమీద అడుగు పలక దాదాపు 2 సెంటీమీటర్లు. ఈ 12 తీసేస్తే లోపల మిగిలింది 68. రెగ్యులేటరు పైభాగం 67. మిగిలింది ఒక్క సెంటీమీటరు.

పని పూర్తయ్యాక నేను అడిగితే ఆ కుర్రవాడు చాలా మర్యాదగానే అన్నాడు. "బండ ఎత్తు 63 సార్, మేము 68 ఇచ్చాం, ఇంకా అయిదు ఎక్కువే కదా సార్." అతని లెక్క తప్పని ఎలా అంటాను? బండ పట్టింది. రెగ్యులేటరూ పట్టింది. మనిషి చెయ్యే పట్టలేదు.

ఇంకో చిక్కు మొదటి బండ మార్చిన రోజునే తెలిసింది. బరువైన బండను మనం నిటారుగా ఎత్తము. ఒక పక్కకు వంచి, కాలి రింగు అంచుమీద తిప్పుకుంటూ జరుపుతాము. నిలబెట్టినప్పుడు 63 ఉన్న బండ వంచినప్పుడు ఎత్తు పెరుగుతుంది, ఎందుకంటే అప్పుడు లెక్కకు వచ్చేది కింది అంచునుంచి ఎదుటి పై అంచుదాకా ఉన్న ఏటవాలు కొలత. అది 68 దగ్గరకు పోతుంది. అందుచేత వంచి లోపలికి నెట్టబోతే పై రింగు గట్టు అడుగుకు కొట్టుకుని ఆగిపోయింది. నిటారుగా ఎత్తి, పన్నెండు సెంటీమీటర్ల మెట్టు ఎక్కించి, లోపలికి తొయ్యాలి. ముప్పై కిలోల బరువు, వంగిన నడుము, డెబ్బయి దాటిన వయసు. ప్రతిసారీ గ్యాస్ తెచ్చే అబ్బాయిని బతిమాలుకోవలసి వచ్చింది. పాపం అతను మంచివాడు. రెగ్యులేటరు బయటనే బిగించి, బండను గట్టిగా లోపలికి తోసి వెళ్ళేవాడు. లోపల పెట్టాక బిగించడానికి చోటు లేదు మరి.

ఇలా తోసినప్పుడు ఏమి జరుగుతుందో ఆలోచించండి. ట్యూబు పైకి లేచి, గట్టు అడుగుకు ఒత్తుకుని, ఒక్కసారిగా వంగిపోతుంది. ఆ వంపు ఒత్తిడి అంతా రెగ్యులేటరు ముక్కు మీద పడుతుంది. పైగా మీట తిప్పడానికి చెయ్యి దూరక, రాత్రిళ్ళు రెగ్యులేటరు కట్టేసే అలవాటు మాకు తెలియకుండానే పోయింది. 1980ల్లో కనెక్షను వచ్చిన నాటినుంచి మా ఆవిడ ఒక్క రాత్రి కూడా మానని అలవాటు అది. పొయ్యి మీట కట్టేస్తున్నాం కదా అని సరిపెట్టుకున్నాము.

2022 ఆషాఢంలో ఒక ఉదయం. మా ఆవిడ కాఫీ కలిపి, నాకొక గ్లాసు ఇచ్చి, పూజగదిలోకి వెళ్ళింది. నేను హాల్లో పేపరు చదువుతున్నాను. మా ఇద్దరికీ ఏ వాసనా తెలియలేదు. పనమ్మాయి వచ్చి వంటింట్లో ఊడుస్తూ, వంగి ఆ అర ముందు చీపురు వేసిందో లేదో, లేచి, "అమ్మగారూ, ఇక్కడ గ్యాసు కంపు కొడుతోందండీ" అంది. మా ఆవిడ వచ్చి నిలబడి చూసి "ఏమీ లేదే" అంది. నేనూ వెళ్ళి నిలబడ్డాను. నిజంగానే ఏమీ లేదు. ఆ అమ్మాయి ఊరుకోకుండా, "వంగి చూడండి బాబుగారూ" అంది. మోకాలు పట్టుకుని వంగి స్కర్టింగు దగ్గర ముక్కు పెట్టాను. అప్పుడు తెలిసింది.

ఇందులో వింతేమీ లేదు. వంట గ్యాసు గాలికంటే బరువైనది, ఒకటిన్నర రెట్లనుంచి రెండు రెట్లదాకా. కారిన గ్యాసు పొగలా పైకి పోదు, నీళ్ళలా కిందికి దిగి నేలమీద పరుచుకుంటుంది. నిలబడి వంట చేసే మనిషి ముక్కు ఐదడుగుల ఎత్తులో ఉంటుంది. ఊడ్చే మనిషి ముక్కు అడుగున్నర ఎత్తులో ఉంటుంది. దానికి తోడు మన వయసులో కళ్ళూ చెవులూ మందగించినట్టే ముక్కూ మందగిస్తుంది. కళ్ళకు అద్దాలు మార్చుకుంటాము కాని, ముక్కు సంగతి ఎవరూ పరీక్ష చేయించుకోరు. గ్యాసుకు దానంతట దానికి వాసన ఉండదు. మనకు తెలియడానికని వాసన ద్రవ్యం కలుపుతారు. మంట అంటుకోవడానికి కావలసిన మోతాదులో ఐదో వంతు గాలిలో కలిసేసరికే మామూలు ముక్కుకు తెలిసేటట్లు కలుపుతారు. ఆ వాసన తలుపు వెనకాలే మూసి ఉంటే, మామూలు ముక్కు కూడా చేయగలిగింది లేదు.

ఆ క్షణంలో మా ఆవిడ అర తలుపు తీయబోయింది. నేను "వద్దు" అని గట్టిగా అరిచాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమెమీద అంత గట్టిగా అరవడం అదే మొదలు. ఎందుకంటే ఆ అరల్లో తలుపు తీయగానే దానంతట అదే వెలిగే చిన్న లైట్లు పెట్టారు. అన్ని అరలకూ పెట్టినట్టే బండ అరకూ పెట్టారు. నెలల తరబడి ఆ లైటు చూసి మురిసిపోయినవాళ్ళమే. ఆ ఉదయం అది గుర్తుకు రాకపోయి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను. పూజగదిలో దీపం మాత్రం వెలుగుతూనే ఉంది. ఊదితే కొండెక్కింది. వంటింటి కిటికీ, బాల్కనీ తలుపు తీయించి, ఏ స్విచ్చీ ముట్టవద్దని చెప్పి, ఇద్దరినీ బయటికి పంపి, నేను కింద సెల్లారులో మీటర్ల దగ్గరికి వెళ్ళి మా ఫ్లాటుకు కరెంటు తీయించాను. ఒక పావుగంట గాలి ఆడనిచ్చి, తర్వాతే తలుపు తీసి, పై గట్టుకు చేతి వెనకభాగం గీరుకుంటూ ఎలాగో మీట కట్టేశాను. తర్వాత 1906కు ఫోను చేశాము. గ్యాసు కారితే చెప్పడానికి ఉన్న నంబరు అది, ఇరవై నాలుగు గంటలూ పలుకుతుంది. మన ఫోను పుస్తకాల్లో పెద్ద అక్షరాలతో రాసుకోవలసినది.

వచ్చిన మెకానిక్కు బండను బయటికి లాగి, సబ్బు నీళ్ళు రాశాడు. అగ్గిపుల్లతో చూసేవాళ్ళు ఇంకా ఉన్నారట, ఆ మాట వింటేనే భయం వేసింది. బండ మూతి దగ్గర, లోపలి వాషరు దగ్గర బుడగ రాలేదు. రెగ్యులేటరు ముక్కుకు ట్యూబు తొడిగిన చోట ఒక పక్కన సన్నని బుడగలు వరసగా లేచాయి. గట్టు అడుగుకు ఒత్తుకుని వంగినవైపే. ఆ ఒత్తిడికి ట్యూబు ముక్కుమీద ఒకవైపు వదులైంది. ట్యూబు తప్పు కాదు, రెగ్యులేటరు తప్పు కాదు. చోటు చాలకపోవడం వల్ల వచ్చిన తప్పు.

ఎంత కారి ఉంటుందని మీరు అడగవచ్చు. నేను ఆ రాత్రి నిద్రపట్టక లెక్క వేశాను. ఆ అర లోపలి వెడల్పు 45, లోతు 56, ఎత్తు 68 సెంటీమీటర్లు. గుణిస్తే దాదాపు 171 లీటర్ల గాలి. గాలిలో వంట గ్యాసు దాదాపు రెండు శాతం చేరితే నిప్పురవ్వకు అంటుకోగలదు. 171లో రెండు శాతం అంటే మూడున్నర లీటర్ల గ్యాసు. బండలో ఉండేది ద్రవం, అది గ్యాసుగా మారితే రమారమి 250 రెట్లు వ్యాపిస్తుంది. కనుక మూడున్నర లీటర్ల గ్యాసుకు కావలసిన ద్రవం 14 మిల్లీలీటర్లు. మూడు టీ చెంచాలు కూడా నిండవు. అదే గ్యాసు మునుపటిలా బోసి గట్టు కింద కారి ఉంటే వంటింటి గాలిలో, కిటికీ గాలిలో చెదిరిపోయేది. తలుపు బిగించిన అరలో చెదరడానికి తావు లేదు. పైగా అది అర అంతా సమంగా కూడా కలవదు, అడుగున పేరుకుంటుంది. అంటే అడుగున రెండు శాతానికి ఇంకా తక్కువే చాలు.

ఇంకో సంగతి నాకు ఆ తర్వాత తట్టింది. ఇది ఎవరూ చెప్పరు గనుక కాస్త వివరంగా చెబుతాను. అరల కింద పది సెంటీమీటర్ల ఖాళీ ఉందన్నాను కదా, స్కర్టింగు వెనక. ఆ ఖాళీ ఒక్క బండ అర కిందే ఉండదు. గట్టు పొడవునా, ఈ మూలనుంచి ఆ మూలదాకా, సింకు కిందినుంచి కూడా ఒకే సొరంగంలా ఉంటుంది. అడుగు పలక అతుకుల్లోంచి దిగిన గ్యాసు ఆ సొరంగంలోకి చేరుతుంది. అక్కడికి గాలీ రాదు, ముక్కూ చేరదు. పనమ్మాయి ముక్కుకు తగిలింది ఆ సొరంగం అంచునుంచి వచ్చిన వాసనే. బండ అర తలుపు తెరిచి గాలి ఆడించినంత మాత్రాన ఆ సొరంగం ఖాళీ అవుతుందనుకోవద్దు. నేను స్కర్టింగు పలక ఊడదీయించి, నేలమీద చాలాసేపు విసనకర్రతో విసిరించాను. కరెంటు ఫ్యాను కాదు, తాటాకు విసనకర్రే.

ఇక మళ్ళీ కట్టించుకున్న విధం. ఈసారి కాగితం మీద నేనే గీశాను. బండ అరకు అడుగు పలక పూర్తిగా తీసేయించాను. బండ నేరుగా నేల టైల్సుమీద నిలబడాలి. దానితో ఎత్తు 80 తిరిగి వచ్చింది. కింద చక్రాల పీట పెట్టాను, అది అయిదు సెంటీమీటర్లు. రెగ్యులేటరు పైభాగం 72కు చేరినా, పైన ఎనిమిది మిగిలింది. చెయ్యి హాయిగా దూరుతోంది, మీట తిరుగుతోంది. చక్రాల పీట కొనేటప్పుడు దానికి చుట్టూ అంచు ఉండేది చూడండి, కాలి రింగు జారిపోకుండా ఉంటుంది. ఏడెనిమిది సెంటీమీటర్ల ఎత్తున్న పీటలు కూడా దొరుకుతాయి. మీ గట్టు 80 సెంటీమీటర్లే ఎత్తుంటే అవి పనికిరావు, పీట లేకుండానే పెట్టుకోండి.

అర రెండు పక్క పలకలనూ నేలదాకా దింపించి, టైల్సుకు ఆనిన అతుకు మూయించాను. దానితో పక్క అరల కింది సొరంగానికీ దీనికీ సంబంధం తెగిపోయింది. పక్క అరల్లోకి ట్యూబులకని వేసిన పాత రంధ్రాలు కూడా మూయించాను. లైటు తీయించి, దాని తీగ మొదలంటా లాగించాను. నీటి శుద్ధి యంత్రానికని లోపల ఒక ప్లగ్గు కూడా ఉండేది, అదీ గట్టు పైకి వెళ్ళింది.

వెడల్పు 45 సెంటీమీటర్లు అలాగే ఉంచాను. 32 బండకు రెండుపక్కలా ఆరేసి మిగులుతాయి. పీట తిప్పడానికి, తుడవడానికి అది చాలు. ఇంతకంటే తగ్గిస్తే తలుపు కీళ్ళు లోపలికి పొడుచుకు వచ్చి బండకు తగులుతాయి. రెండు బండలూ ఒకే అరలో పెట్టాలని కొందరికి ఉంటుంది. ముందూ వెనకా పట్టవు. రెండు 32లు 64, మన గట్లు రెండడుగులే లోతు, తలుపూ వెనక పలకా పోగా 56 మిగులుతుంది. పక్కపక్కన పెట్టాలంటే లోపలి వెడల్పు 80 ఉండాలి. నేను మాత్రం రెండో బండను వంటింట్లో పెట్టలేదు. మూత బిగించి, నిలబెట్టి, ఎండ పడని బాల్కనీ మూల ఉంచాను. అయితే చాలా అపార్టుమెంట్లలో గిన్నెలు తోమే బాల్కనీ నేల రెండు మూడు అంగుళాలు దిగువకు ఉండి, మూలన నీళ్ళు పోయే రంధ్రం ఉంటుంది. ఆ రంధ్రం పక్కన మాత్రం పెట్టకండి. నీళ్ళు పోయే దారే గ్యాసు పోయే దారి కూడా.

తలుపు సంగతి వచ్చేసరికి ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. నాకైతే తలుపే వద్దు. మా కోడలు, "మామయ్యగారూ, ఇంత ఖర్చు పెట్టి చేయించాక మధ్యలో బొక్కలా కనబడితే ఏం బాగుంటుంది" అంది. ఆ అమ్మాయి మాటలోనూ న్యాయం ఉంది. చివరికి జాలీ తలుపు పెట్టాము. నేలకూ తలుపుకూ మధ్య ఎనిమిది సెంటీమీటర్లు ఖాళీ, పైన కూడా ఒక ఖాళీ. బయటి గోడకు, బండ వెనకాల, నేలకు ఆనుకుని నాలుగంగుళాల రంధ్రం ఒకటి వేయించి, పురుగూ పుట్రా రాకుండా వల కొట్టించాను. అలాంటిదే ఇంకొకటి గట్టు అడుగు దగ్గర. కింది రంధ్రం గ్యాసు పోవడానికి, పైది గాలి కదలడానికి. ఒక్క పై రంధ్రమే పెడితే కాగితం మీద గాలి మార్గం ఉన్నట్టే ఉంటుంది, అడుగున పేరుకున్న గ్యాసుకు మాత్రం దారి ఉండదు. గోడకు రంధ్రం వేయించే ముందు అవతలివైపు కింది ఇంటివాళ్ళ కిటికీగాని, నీళ్ళ గొట్టంగాని లేదని చూసుకున్నాను. బయటి గోడ లేని వంటిళ్ళలో తలుపు లేకుండా వదిలేయడమే మేలని నా అభిప్రాయం. కోడళ్ళు నన్ను తిట్టుకున్నా ఫరవాలేదు.

ట్యూబు పొడవు కూడా గీత గీసేటప్పుడే చూసుకోవాలి. మీటరున్నరకు మించి ట్యూబు వాడకూడదు. అందుచేత పొయ్యి ఎక్కడుందో చూసి బండ చోటు ఎంచుకోవాలి. మా ఇంట్లో రెగ్యులేటరునుంచి గట్టుమీదికి ఎక్కడానికి పాతిక, అక్కడినుంచి పొయ్యి వెనక ముక్కుదాకా అరవై, పీట ముందుకు లాగినప్పుడు ట్యూబు బిగుసుకోకుండా నలభై. మొత్తం మీటరు పాతిక. బండ సరిగ్గా పొయ్యి కిందికి రాకుండా ఒక పక్కకు జరిపాను. గ్రానైటులో ట్యూబు పోయే రంధ్రం అంచులు నున్నగా రాయించి, రబ్బరు కట్టు తొడిగించాను. గ్రానైటు అంచు కత్తిలా ఉంటుంది. ట్యూబును చెక్క వెనకగాని, గోడలోగాని దాచకూడదు. ఈ చివరనుంచి ఆ చివరదాకా కంటికి కనబడాలి. నారింజ రంగు సురక్షా ట్యూబు అయిదేళ్ళకు ఒకసారి మార్చాలి. దానిమీద ముద్రించిన సంవత్సరం కనబడేవైపు తిప్పి పెట్టుకుంటే మంచిది, మనకు గుర్తు లేకపోయినా దానికి గుర్తుంటుంది.

ఇంత చోటు ఎందుకు, బండను పడుకోబెడితే చిన్న అరలో పడుతుంది కదా అని మా బంధువు ఒకాయన సలహా చెప్పాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నిలబడ్డ బండలో ద్రవం అడుగున, గ్యాసు పైన మూతి దగ్గర ఉంటాయి. పడుకోబెడితే మూతి దగ్గరకు ద్రవమే వస్తుంది. రెగ్యులేటరు గ్యాసు కోసం చేసినది, ద్రవం కోసం కాదు. చెంచాడు ద్రవం ట్యూబులోకి వస్తే అది 250 చెంచాల గ్యాసై పొయ్యి దగ్గర లేస్తుంది. బండ ఖాళీ అవుతోందని చివరి రోజున వంచి పెట్టడం కూడా ఈ కోవలోదే. ఆ నాలుగు కప్పుల కాఫీ పోతే పోయింది.

గ్యాసు కారితే కూత పెట్టే చిన్న యంత్రం కూడా తెచ్చి పెట్టాము. దాన్ని తెచ్చినతను అలవాటు కొద్దీ పైన చిమ్నీ పక్కన తగిలించబోయాడు. నేను దింపించి నేలకు అడుగు ఎత్తులో పెట్టించాను, పనమ్మాయి ముక్కు ఎక్కడుందో అక్కడ.

మీ ఇళ్ళలో అరలు ఇప్పటికే కట్టి ఉంటే అంతా పగలగొట్టనక్కరలేదు. సాయంత్రం ఇంటికి వెళ్ళాక రెగ్యులేటరు బిగించి ఉండగానే దాని పైభాగానికీ గట్టు అడుగుకూ మధ్య మీ అరచెయ్యి నిలువుగా పెట్టి చూడండి. ఎనిమిది సెంటీమీటర్లంటే దాదాపు అంత. చెయ్యి పట్టకపోతే ముందు అడుగు పలక తీయించండి. వడ్రంగికి అది గంట పని. మా పలక తీసిన ముక్కతో నేను బాల్కనీలో తులసికోట పక్కన కూర్చునే పీట చేయించుకున్నాను.

గీసిన కాగితం నకళ్ళు ఇరవై తెచ్చాను, కార్యదర్శిగారి బల్లమీద ఉన్నాయి. కొలతలు సెంటీమీటర్లలోనూ అంగుళాల్లోనూ రాశాను. మీ గట్టు ఎత్తు ఒక కాగితం మీద రాసి తెస్తే భోజనాల తర్వాత కూర్చుని లెక్క చూసి పెడతాను. టేపు కూడా జేబులో ఉంది. సెలవు.